పేజీ మీద బాగున్న కవిత మిశ్రచాపు బాణీలో ఎందుకు ఇమడడం లేదు?

జెట్టీ_మెట్లు

అందరికీ నమస్కారం. ఫిషింగ్ హార్బర్ మీద రాసిన ఒక వచన కవితను పాటగా మార్చాలి. కవితలో మొదటి ఖండిక ఇది:

రాత్రంతా సముద్రం మీద నిద్రపోని దీపం ఒకటి
తెల్లారేసరికి
జెట్టీ మెట్ల మీద
తడి పాదాల గుర్తులై ఎండిపోయింది

బాణీ ముందే తయారైపోయింది, మార్చే వీలు పెద్దగా లేదు. మిశ్రచాపు, అంటే తకిట తకధిమి, ఆవర్తానికి మూడూ నాలుగూ కలిపి ఏడు మాత్రలు. మాత్రకి 0.3 సెకను నడక. పల్లవికి నాలుగు పాదాలు, పాదానికి రెండు ఆవర్తాలు. నాలుగో పాదం చివరి నాలుగు మాత్రలూ ఒకే స్వరం. ఆ తర్వాత ఇంకో ఆవర్తం కూడా అదే స్వరం సాగుతుంది. ఒకటో పాదం, మూడో పాదం రెండు మాత్రల స్వరంతో మొదలవుతాయి. రెండు, నాలుగు పాదాల మొదట్లో మూడు విడి స్వరాలున్నాయి. మూడో పాదం మొదటి స్వరమే పల్లవి మొత్తంలో ఎత్తైనది, పై షడ్జం.

పాడేది కాలేజీ పిల్లల బృందం, రామకృష్ణ బీచ్‌లో, బయట. కవితను ఉన్నదున్నట్టు బాణీలో పెడితే మాటలు విరిగిపోతున్నాయి. ఎక్కడ మార్చాలి, ఎంతవరకు మార్చాలి అన్నది నా ప్రశ్న.

ఛందోప్రియ

మీ పని మీరనుకున్నంత కష్టం కాదండీ. మిశ్రగతి మన పక్క ఊరిదే. విజయనగరంలో కూర్చుని గురజాడ 1910లో ముత్యాల సరం నడిపింది ఈ మూడూ నాలుగూ మీదే. పాదానికి 14 మాత్రలు, నాలుగో పాదం కావాలంటే పొట్టిగా ఉండొచ్చు. మీ బాణీ కూడా అచ్చం అదే కొలత.

ఇంకో సంగతి చూడండి. మీ కవితలో "రాత్రంతా సముద్రం మీద" అన్న ముక్క లెక్కపెడితే 6, 5, 3. మొత్తం 14 మాత్రలు. అంటే మొదటి పాదం మీకు తెలియకుండానే సిద్ధంగా ఉంది. మిగతా మూడూ కూడా పద్నాలుగేసి మాత్రలకు సర్దేయండి, పాట అయిపోతుంది.

చాపు_తాళం

ఛందోప్రియ గారు చెప్పిన కొలత నిజమే. ముత్యాల సరం పోలిక కూడా సరైనదే. కానీ మొత్తం 14 ఉంటే చాలదు, 14 ఎక్కడెక్కడ విరుగుతోందో చూడాలి. ఇందులో అసలు మెలిక అదే, కాబట్టి నిదానంగా చూద్దాం.

తాళంలో దెబ్బలు 1, 4, 8, 11 మాత్రల మీద పడతాయి. ఇప్పుడు ఆ ముక్కను మాత్రల మీద పరచండి. "రా" 1, 2. "త్రం" 3, 4. "తా" 5, 6. "స" 7. "ము" 8, 9. "ద్రం" 10, 11. "మీ" 12, 13. "ద" 14. నాలుగో మాత్ర దెబ్బ "త్రం" నడిబొడ్డున పడింది. పదకొండో మాత్ర దెబ్బ "ద్రం" మధ్యలో పడింది. అన్నిటికంటే చెడ్డది ఎనిమిదోది. అక్కడ కొత్త ఆవర్తం మొదలవుతుంది, దెబ్బ బలంగా ఉంటుంది. ఆ దెబ్బకి ఎత్తుకున్న అక్షరం "ము". "స" వెనక ఆవర్తంలోనే ఉండిపోయింది. వినేవాడి చెవిలో పడేది "రాత్రంతాస... ముద్రం మీద". సముద్రం కాస్తా ముద్ర అయిపోయింది.

పేజీ మీద ఈ సమస్యే లేదు. అక్కడ మాటకీ మాటకీ మధ్య జాగా కళ్లకు కనిపిస్తుంది. పాటలో ఆ జాగా ఉండదు, దాని పని తాళం దెబ్బ చేస్తుంది. దెబ్బ ఎక్కడ పడితే అక్కడ కొత్త మాట మొదలైందనే చెవి అనుకుంటుంది.

ఇంకో నమూనా ఇస్తాను. "నిద్దుర లేని దీపము చూడు." 4, 3, 4, 3. మొత్తం 14, లోపలి మాటలన్నీ శుభ్రంగా ఉన్నాయి. దీన్నే తకిట తకధిమి మీద చప్పట్లు వేస్తూ అనండి. "నిద్దు, రలేని, దీప, ముచూడు" అని వస్తుంది. అవే మాటల్ని అటూ ఇటూ జరిపి "చూడు దీపము నిదుర ఎరుగదు" అంటే 3, 4, 3, 4. ఎక్కడా విరగదు.

అందుకని ముందు కవితను పక్కన పెట్టండి. బాణీని "తకిట తకధిమి" అంటూ పాడి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒక కాగితం మీద పాదానికి నాలుగు గడులు గీయండి, 3, 4, 3, 4. రెండు మాత్రల స్వరం ఉన్న చోట గురువు గుర్తు, విడి స్వరాలున్న చోట లఘువులు, సాగే చోట ఒక అడ్డగీత, ఎత్తు స్వరం మీద ఒక చుక్క. ఆ గడుల్లో మాటలు నింపుకుంటూ పోవాలి. సమాసం లోపల విరుపు వచ్చినా ఫర్వాలేదు, "కోడి | కూతకు" లాగ. ఒకే మాట మధ్యలో రాకూడదు.

మురళీనగర్_మూర్తి

మంచి చర్చ పెట్టారు. నాదీ ఇదే సమస్య. మా అపార్ట్‌మెంట్ వినాయక చవితికి గణపతి మీద ఆటవెలదులు రాశాను, గణాలు యతులు అన్నీ సరిచూసుకున్నాను. కీబోర్డు వాయించే కుర్రాడు ప్రతి పాదంలోనూ తాళం తప్పుతోందంటున్నాడు. మనం 3, 4 గడుల్లో పెడితే సరిపోతుందా?

చాపు_తాళం

సరిపోదు మూర్తిగారూ. మీది వేరే సంగతి. ఆటవెలదిలో సూర్యగణాలు ఎప్పుడూ మూడు మాత్రలే. ఇంద్రగణాలు మాత్రం కొన్ని నాలుగు, కొన్ని అయిదు. భగణం వేస్తే 4, రగణం వేస్తే 5. పద్యం నియమం ప్రకారం రెండూ ఒప్పే. తాళానికి మాత్రం ఒకచోట మాత్ర ఎక్కువ, ఒకచోట తక్కువ. మీ కుర్రాడు చెప్పింది నిజం.

పద్యాన్ని తాళం లేకుండా రాగంలో తీయడం మన అలవాటు. రంగస్థలం మీద పద్యం పాడేది అలాగే. కీబోర్డు మీద శ్రుతి మాత్రం పట్టుకోమనండి, రిథమ్ ఆపేయమనండి. పద్యం చక్కగా నిలబడుతుంది.

వాల్తేరు_గాత్రం

పాడేవాళ్ల వైపు నుంచి రెండు విషయాలు చెప్తాను. ఛందస్సులో గురువు అంటే గురువే, రెండు మాత్రలు. గొంతుకి మాత్రం గురువులు రెండు రకాలు.

"రే", "కో", "దీ" లాంటివి అచ్చు దీర్ఘంగా ఉన్న గురువులు. వీటిని ఎంతసేపైనా పట్టుకోవచ్చు. "తెల్ల"లో "తె", "నిద్ర"లో "ని" లాంటివి వెనకున్న ద్విత్వం వల్లో సంయుక్తం వల్లో గురువులైనవి. వీటిలో అచ్చు పొట్టిదే. రెండో మాత్రలో నాలుక అప్పటికే "ల్" మీదకో "ద్" మీదకో వెళ్లిపోయి ఉంటుంది. స్వరం పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు. "ల్", "న్", "మ్" అయితే కాస్త మోగుతాయి. "ద్", "ట్", "క్" అయితే గొంతు పూర్తిగా మూసుకుపోతుంది. మామూలు స్వరం మీద ఈ తేడా తెలియదు. ఎత్తు స్వరం మీదా, సాగే స్వరం మీదా బయటపడుతుంది. అక్కడ పాడే పిల్లలు తమకు తెలియకుండానే "తెల్ల"ని "తేల్ల" అంటారు, లేకపోతే శ్రుతి దిగిపోతారు.

రెండోది, లఘువుని సాగదీయడం. బాణీలో రెండు మాత్రలున్న చోట లఘువు పెడితే పాడేవాడు దాన్ని దీర్ఘం చేసి తీరాలి. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే చాలాచోట్ల మాటే మారిపోతుంది. "పడిన" సాగితే "పాడిన" అవుతుంది, "కలం" సాగితే "కాలం". పేజీ మీద ఈ ప్రమాదం లేదు, దీర్ఘాలు కళ్లెదురుగా ఉంటాయి.

జెట్టీ_మెట్లు గారూ, మీ కవితలో చివరి మాట "ఎండిపోయింది". మీ బాణీలో చివర 11 మాత్రలు సాగాలి, అంటే మూడు సెకన్ల పైమాట. "ది" మీద అంత సేపు నిలబడితే "దీ..." అని పళ్ల మధ్యనుంచి సన్నగా వస్తుంది, అదీ బృందంలో పదిమంది కలిసి. "గుర్తులై" దగ్గర ఆపుదామన్నా కుదరదు. "ఐ"ని పట్టుకోవాలంటే "అ" మీద నిలబడి ఆఖరున "ఇ" కలపాలి. ఆ "ఇ"ని ఒక్కొక్కరు ఒక్కో క్షణంలో కలుపుతారు. సాగే చోట "ఆ" గాని "ఓ" గాని ఇవ్వండి.

జెట్టీ_మెట్లు

గడులు గీసి, ఇవన్నీ దగ్గర పెట్టుకుని నింపాను. చూడండి:

రేయి పొడవున రెప్ప వాల్చని
పడవ దీపం పడవ దీపం
తెల్లవారితె మెట్ల మీదన
తడిసి ఆరిన అడుగులా

మాత్రలు, విరుపులు సరిపోయాయనే అనుకుంటున్నాను. కానీ కవితలో ఉన్నది కొంత పోయినట్టుంది. అక్కడ దీపమే గుర్తులైపోయింది. ఇక్కడ గుర్తు "లా" అయింది. రూపకం ఉపమ అయిపోయింది. అదీగాక "పడవ దీపం" రెండుసార్లు అనడం పేజీ మీద చూస్తే పాదం నింపడానికి వేసినట్టే ఉంది.

చాపు_తాళం

ఆ రెండోసారి అన్న "పడవ దీపం" తీయకండి. దాని పని చెప్తాను.

మీ కవిత ఒకే వాక్యం, 14 మాటలు. కర్త మొదటి వరుసలో ఉంది, క్రియ ఆఖరి మాట. తెలుగు వాక్యం మామూలుగా క్రియ కోసం చివరిదాకా ఆపుతుంది. చదివేవాడికి అది ఇబ్బంది కాదు. నాలుగు వరుసలూ ఒక్క చూపులో ఉన్నాయి, చివరికొచ్చి "ఏమిటి ఎండిపోయింది?" అనుకుంటే కన్ను పైకెళ్లి దీపాన్ని చూసుకుని వస్తుంది. మీ కవిత బలం అంతా ఆ వెనక్కెళ్లే చూపులోనే ఉంది.

పాటలో ఒక్కో పాదం 4.2 సెకన్లు. దీపం అన్న మాట వినిపించాక ఆఖరి మాట రావడానికి ఎనిమిది సెకన్ల పైనే పడుతుంది. మధ్యలో డోలకు ఉంది, ఫ్లూటు ఉంది, బీచ్‌లో అయితే గాలి, అలల హోరు, బళ్ల హారన్లు ఉన్నాయి. వినేవాడు వెనక్కి వెళ్లలేడు. అందుకని మీరే వాడి బదులు ఒకసారి వెనక్కి వెళ్లాలి. రెండోసారి "పడవ దీపం" అనడం అంటే అదే. మొదటిసారి వినిపిస్తుంది, రెండోసారి గుర్తుంటుంది.

ఇదే కారణంతో పాటలో ప్రతి పాదం దానికదే ఒక ముక్కగా అర్థం కావాలి. మీ కొత్త పాదాలు ఒక్కొక్కటీ విడిగా అని చూడండి. "రేయి పొడవున రెప్ప వాల్చని" అంటే ఎవరో మేలుకుని ఉన్నారు. "పడవ దీపం" అంటే ఎవరో తెలిసింది. "మెట్ల మీదన" చోటు మారింది. ఒక్క పాదం గాలికి కొట్టుకుపోయినా మిగతావి నిలబడతాయి. పాత కవితలో ఏ వరుస పోయినా వాక్యం కూలిపోతుంది.

రూపకం గురించి మీ బాధ న్యాయమైనదే. "అడుగులా" బదులు "అడుగువా" అని దీపాన్నే అడిగితే రూపకం మిగులుతుంది, చివర "ఆ" కూడా మిగులుతుంది.

అచ్చులో_కవిత

ఇక్కడ నేను ఒప్పుకోను. "ఎండిపోయింది" తీసేశాక కవితలో మిగిలిందేమిటి? ఆ క్రియలోనే రాత్రంతా వేటకెళ్లిన మనిషి అలసట ఉంది. "అడుగువా" అంటే ప్రశ్న. దీపాన్ని పిలిచి నువ్వు అడుగువా అని అడగడం పాటల్లో ఎప్పుడూ ఉన్న ధోరణే. మూల కవితలో ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. ఒకటి జరిగింది, అంతే. ఆ నిశ్శబ్దాన్ని వదిలేసి మాత్రలు సరిపోయాయంటే ఎలా?

"తెల్లారేసరికి" ఒక్కటే ఒక వరుసలో ఉండడానికి కూడా కారణం ఉంది. ఆ ఒక్క మాట దగ్గర కన్ను ఆగుతుంది, రాత్రి అయిపోతుంది. మీ పల్లవిలో ఆ ఆగడం ఎక్కడుంది?

చాపు_తాళం

ఆగడం బాణీలో పెట్టొచ్చు. రెండో పాదం అయ్యాక ఒక ఆవర్తం, అంటే 2.1 సెకన్లు, వాద్యానికి వదిలేస్తే మీరన్న తెల్లారే ఖాళీ అదే అవుతుంది. పేజీ మీద తెల్ల జాగా చేసే పనికి పాటలో దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. మాటలతో దాన్ని చేయబోతే ఎప్పుడూ కుదరదు.

క్రియ గురించి మీరన్నదానికి మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. "ఆరిన"లో ఎండిపోవడం ఉంది, కానీ అది విశేషణం అయిపోయింది. మీరు చెప్పినంత బరువు దానికి లేదు.

భీమిలి_రోడ్డు

నాకు ఛందస్సు రాదు, సంగీతం రాదు. చదవకుండా, మా ఇంట్లో ఒకళ్ల చేత పైకి చదివించుకుని విన్నాను. "తడిసి ఆరిన అడుగువా" అంటే నాకు ముందు "అడుగు" అంటే ఎవర్నో అడగమంటున్నట్టు వినిపించింది. పైగా పక్కనే ప్రశ్న కూడా ఉంది కదా. రాసింది చూశాకే పాదం గుర్తని తెలిసింది. ఇంకో మాటేదైనా లేదా? "జాడ" అంటే ఏటి?

వాల్తేరు_గాత్రం

భలే పట్టుకున్నారండీ. "జాడ" మూడు మాత్రలే, కాబట్టి గడిలో కూర్చుంటుంది. కానీ బాణీలో ఆ గడి స్వరాలు ఎలా ఉన్నాయో జెట్టీ_మెట్లు గారు చెప్పాలి. "అడుగు" మూడు లఘువులు, "జాడ" గురువు, లఘువు.

ఇంకో రెండు చోట్ల చెప్తాను. మూడో పాదం మొదటి స్వరం పై షడ్జం, రెండు మాత్రలు. అక్కడ "తెల్ల" పెట్టారు. నేను పైన చెప్పిన మూసుకుపోయే గురువు సరిగ్గా ఎత్తు స్వరం కిందకొచ్చింది. "కోడి కూతకు" అనండి. "కో" అని నోరు గుండ్రంగా తెరుచుకుంటుంది, అమ్మాయిలకూ అబ్బాయిలకూ సులువు. అర్థమూ పోలేదు.

రెండోది ఊపిరి. ఆ పాదం చివర "మీదన" అని లఘువులతో ముగుస్తోంది. వెంటనే "తడిసి" ఎత్తుకోవాలి. అంటే మూడో పాదం మొదటినుంచి చివరి సాగదీత అయ్యేదాకా 35 మాత్రలు, పదిన్నర సెకన్లు ఒకే ఊపిరి. నేర్చుకున్న గొంతుకి పెద్ద పని కాదు. బృందంలో కొత్త పిల్లలు మాత్రం సాగే స్వరం దగ్గర ఒక్కొక్కరే రాలిపోతారు. "మెట్ల మీదే" అంటే "దే" గురువు. దాన్ని ఒక మాత్ర పాడి రెండో మాత్రలో గుటుక్కున ఊపిరి తీసుకోవచ్చు. రెండో పాదం చివర "దీపం" కూడా ఇలాగే పనికొస్తుంది, "పం" పెదవులు మూసి "మ్" అనేసి వదిలేస్తే చాలు. రెండు పాదాలకోసారైనా చివర గురువు ఉండేట్టు చూసుకోండి. పేజీ మీద రాసేటప్పుడు ఎవరూ ఆలోచించని విషయం ఇది.

జెట్టీ_మెట్లు

నాలుగో పాదంలో ఆ మూడు మాత్రల గడిలో రెండు స్వరాలే ఉన్నాయి, మొదటిది పొడుగు. కాబట్టి నిజానికి "అడుగు" కంటే "జాడ"యే నప్పుతుంది. ఇప్పుడు ఇలా ఉంది:

రేయి పొడవున రెప్ప వాల్చని
పడవ దీపం పడవ దీపం
కోడి కూతకు మెట్ల మీదే
తడిసి ఆరిన జాడవా

ఛందోప్రియ

చూశారా, మీరు కోరకుండానే మూడు పాదాల్లో "డ" ప్రాస పడింది. పడవ, కోడి, తడిసి. మొదటి పాదం ఒక్కటే మిగిలింది. దాన్నీ కలిపేద్దాం:

కడలి నడుమన రెప్ప వాల్చని

3, 4, 3, 4 సరిపోయింది. రెండో అక్షరం "డ". పైగా మీ మూల కవితలో ఉన్న సముద్రం పాటలో మాయమైంది, ఇప్పుడు తిరిగొచ్చింది. రాత్రి అన్న మాట పోతుంది, కానీ రెప్ప వాల్చని దీపం, కోడి కూత రెండూ ఉన్నాక రాత్రి అని చెప్పక్కర్లేదు.

ఒక చిన్న పట్టు. శాస్త్రం ప్రకారం ప్రాసకు ముందున్న అక్షరం అన్ని పాదాల్లోనూ ఒకే కొలతలో ఉండాలి. మిగతా మూడింట్లో లఘువు, "కోడి"లో గురువు. కాబట్టి "కోడి" మార్చడం మంచిది.

చాపు_తాళం

"కోడి" మార్చొద్దండీ. అక్కడ గురువు ఉండాలని బాణీ అడుగుతోంది. పాటలో ప్రాస దెబ్బ పక్కన వినపడితే చాలు. "డ" నాలుగుసార్లూ పాదం ఎత్తుగడలోనే వస్తోంది, చెవి దాన్ని పట్టుకుంటుంది. ముందు అక్షరం కొలత ఒక మాత్ర అటో ఇటో అయిందని చెవికి తెలియదు.

సముద్రం వెనక్కి రావడం మాత్రం చాలా బాగుంది. నేను చూసుకోలేదు, "పడవ" ఉంది కదా అనుకున్నాను.

వాల్తేరు_గాత్రం

"కడలి నడుమన" చదవడానికి ఎంతో హాయిగా ఉంది. పాడితే ఇబ్బంది. మొదటి పాదం కూడా రెండు మాత్రల స్వరంతో మొదలవుతుందని మొదటి పోస్టులోనే రాశారు. "రేయి" అక్కడ అచ్చంగా కూర్చుంది. "కడలి" పెడితే "క" రెండు మాత్రలు సాగి "కాడలి" అవుతుంది, "డలి" రెండక్షరాలూ మూడో మాత్రలో ఇరుక్కుంటాయి. పల్లవిలో మొట్టమొదటి మాట. అదే తప్పుగా వినిపిస్తే మిగతా అంతా అనుమానంగానే వింటారు.

"రేయి" ఉంచుకుంటే సముద్రం లేదు. "కడలి" కావాలంటే బాణీలో ఆ మొదటి పొడుగు స్వరాన్ని మూడు విడి స్వరాలుగా విరగ్గొట్టాలి.

జెట్టీ_మెట్లు

బాణీ కట్టినాయన్ని అడిగాను. మొదటి పాదం ఆ పొడుగు స్వరంతో ఎత్తుకోవడమే ఈ రాగానికి గుర్తు, దాన్ని విరగ్గొడితే పాట ముఖం మారిపోతుంది అన్నారు. పల్లవి మళ్లీ తిరిగొచ్చినప్పుడు మాత్రం విడి స్వరాలతో ఎత్తుకోవడానికి ఒప్పుకున్నారు. అంటే మొదటిసారి "రేయి పొడవున", చరణం తర్వాత తిరిగొచ్చినప్పుడు "కడలి నడుమన".

అచ్చులో_కవిత

ఇది నాకు నచ్చింది. పేజీ మీద ఒకే పాదాన్ని రెండు పాఠాలతో రాస్తే కవి తేల్చుకోలేదంటారు. పాటలో మాత్రం రెండోసారి వచ్చే పల్లవికి వేరే మాట ఉంటే వినేవాడికి కొత్తగా ఒకటి తెలుస్తుంది.

కానీ ఒక మాట. పత్రికకు పంపేటప్పుడు ఈ పల్లవిని పంపకండి. మూల కవితనే పంపండి. "పడవ దీపం పడవ దీపం" అచ్చులో నిలబడదు. "జాడవా" చివర ఆ సాగదీత లేకపోతే సగంలో ఆగిపోయినట్టుంటుంది.

ఛందోప్రియ

దీనికి నేను ఒప్పుకోలేను. ముత్యాల సరాలు అచ్చులోనూ నిలబడ్డాయి, పాడితేనూ నిలబడ్డాయి. లయ గట్టిగా ఉంటే పేజీ మీద కూడా లోపల్నుంచి వినిపిస్తుంది. రెండూ వేర్వేరు రచనలు కావాల్సిన పని లేదు.

చాపు_తాళం

ముత్యాల సరానికి లయ ఉంది, కానీ ఒక ఫలానా బాణీ దానికి ముందే కట్టి లేదు. పాడేవాడు మాటలకు తగ్గట్టు స్వరం పెట్టుకోవచ్చు. ఇక్కడ స్వరం ముందొచ్చింది, మాట దానికి లొంగింది. అందుకే రెండిటికీ పనికొచ్చేలా ఇది దొరకడం కష్టమని నా అభిప్రాయం. మీరు అలా రాసి చూపిస్తే సంతోషంగా చదువుతాను.

జెట్టీ_మెట్లు

ఇప్పుడు చరణం దగ్గరకొచ్చాను. చరణం బాణీ వేరు, కానీ తాళం అదే, నడక అదే. ఒక పాదం రాశాను:

వలల బరువున ఒరిగి నడిచిన

3, 4, 3, 4 సరిగ్గా ఉంది. ఒక్క మాట కూడా విరగలేదు. అయినా పాడితే పరిగెత్తుతున్నట్టుంది. వలల బరువుకి ఒరిగిన మనిషి పరిగెత్తకూడదు కదా.

చాపు_తాళం

అన్నీ లఘువులే వేశారు, అందుకు. మీ పాదంలో 14 మాత్రలకు 14 అక్షరాలు. ఒక్కో అక్షరానికి 0.3 సెకను. "పడవ దీపం పడవ దీపం" కూడా 14 మాత్రలే, కానీ పది అక్షరాలు. మిశ్రంలో పాదం ఎనిమిది అక్షరాలదాకా కూడా తగ్గొచ్చు. మాత్రలు ఒకటే అయినా బరువు ఒకటి కాదు. పేజీ మీద మీ పాదం కళ్లకు బరువుగానే కనిపిస్తుంది, ఎందుకంటే "బరువు" అన్న మాట అక్కడుంది. చెవికి బరువు అర్థంతో రాదు, గురువులతో వస్తుంది.

"వలల బరువున" లఘువులతోనే ఉంచండి. వలలోంచి నీళ్లు కారుతున్నట్టు ఉంటుంది. రెండో సగంలో గురువులు దించండి. "వంగి సాగే" అనండి. "వం" గురువు, "గి" లఘువు, "సా", "గే" గురువులు. 3, 4. అప్పుడు పాదం మొదటి సగం ఏడక్షరాలు, రెండో సగం నాలుగే. నడక అక్కడ నెమ్మదించినట్టు వినిపిస్తుంది, తాళం మారకుండానే. చివర "గే" ఉంది కాబట్టి ఊపిరికి కూడా చోటు.

రెండో చరణం రాసేటప్పుడు ఈ పాదం పక్కనే పెట్టుకోండి. ఏ గడిలో లఘువులున్నాయో ఆ గడిలో లఘువులే, ఏ గడిలో గురువులున్నాయో అక్కడ గురువులే. పేజీ కవితలో రెండో ఖండిక మొదటిదానిలా ఉండక్కర్లేదు. పాటలో ఉండాలి, అదే స్వరాల మీద కూర్చోవాలి కాబట్టి. రెండో చరణం పాడలేకపోతున్నామని వచ్చేవాళ్లలో చాలామందికి ఉండే లోపం ఇదొక్కటే.

వాల్తేరు_గాత్రం

"వంగి సాగే" బాగుంది. మైకు దగ్గర మాత్రం ఒకటి చూసుకోండి. "బరువున"లో "బ" రెండో గడి మొదట దెబ్బ మీద పడుతోంది, పల్లవిలో "పడవ" అయితే పాదంలో రెండుసార్లు దెబ్బ మీదే వస్తోంది. పెదవులు మూసి తెరిచే ఈ అక్షరాలకి గాలి మైకులో బుస్సుమంటుంది, బీచ్‌లో ఇంకా ఎక్కువ. మాటలు మార్చక్కర్లేదు. మైకుకి స్పాంజి తొడుగు వేసి, నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా పెట్టమని పిల్లలకి చెప్పండి.

మురళీనగర్_మూర్తి

రిథమ్ ఆపేసి శ్రుతితో పాడించాను, ఆటవెలది బాగా వచ్చింది. మంగళహారతి మాత్రం అందరూ చప్పట్లు కొడుతూ పాడాలి కదా, దానికి ఏ గతి తేలికో ఎవరైనా చెప్తారా? కొత్త చర్చ పెట్టమంటే పెడతాను.

చాపు_తాళం

పెట్టండి మూర్తిగారూ. నేర్చుకోనివాళ్లు చప్పట్లు కొట్టాలంటే చతురస్రం గాని తిస్రం గాని తీసుకోండి. మిశ్రంలో చప్పట్లు సమంగా ఉండవు, మూడు ఒకసారి, నాలుగు ఒకసారి. గుంపు రెండో పాదానికే చెదిరిపోతుంది. ఒక పాదం రాసి అక్కడ పెట్టండి, గడుల్లో వేసి చూద్దాం.